దర్రీల సైటు: ఏ పేజీ అయినా రెండు క్లిక్కుల్లో దొరకాలంటే మెనూ ఎలా పెట్టాలి?

మగ్గం_ఇంటోడు

అందరికీ నమస్తే. మాది వరంగల్ కొత్తవాడ, దర్రీలు నేసే కుటుంబం. నాన్న, బాబాయి కలిసి షాపు నడుపుతారు. వర్డ్‌ప్రెస్‌లో చేసిన సైటు ఒకటి ఉంది, ఇప్పుడు దాన్ని నేను చూసుకుంటున్నాను. పేజీలు 34.

రోజూ వచ్చే ఫోన్లలో సగం ఒకటే మాట: "6×9 ఉందా, ఎంత?" నంబరు ఎక్కడ దొరికిందని అడిగితే మీ సైటులోనే అంటారు. అంటే సైటు దాకా వచ్చారు, సైజు, ధర మాత్రం వాళ్లకు కనిపించలేదు.

మెనూలో ఇప్పుడు 11 ఉన్నాయి: హోమ్, మా గురించి, మా చరిత్ర, ఉత్పత్తులు, కొత్త డిజైన్లు, సేవలు, గ్యాలరీ, వీడియోలు, అవార్డులు, డౌన్‌లోడ్లు, సంప్రదించండి. 6×9 ఇంటర్‌లాక్ దర్రీ చూడాలంటే ఉత్పత్తులు, చేనేత, నేల మీద పరిచేవి, ఇంటర్‌లాక్, 6×9 అని ఐదుసార్లు నొక్కాలి. ధరలు డౌన్‌లోడ్లలో పీడీఎఫ్‌గా ఉన్నాయి. ఏది వెతికినా రెండు క్లిక్కుల్లో దొరకాలని నా ఆశ. ఎక్కడ మొదలుపెట్టాలి?

కరీంనగర్_డిజైనర్

సింపుల్ తమ్మీ. మెగా మెనూ పెట్టు. పైన మౌస్ పెట్టగానే పెద్ద డబ్బా తెరుచుకుని 34 పేజీలూ ఒకేసారి కనిపిస్తాయి, ఒక్క క్లిక్కులో పని అయిపోతుంది. పై వరుసలో మాత్రం ఏడు దాటకుండా చూసుకో. మనిషి బుర్రలో ఏడు కంటే ఎక్కువ నిలవవని పరిశోధన ఉంది.

హన్మకొండ_అక్క

తమ్మీ, మెనూ జోలికి ఇప్పుడే పోకు. ముందు ఒక నోట్‌బుక్ ఫోన్ పక్కన పెట్టు. వారం రోజులు వచ్చే ప్రతి ఫోన్‌లో, ప్రతి వాట్సాప్ మెసేజ్‌లో వాళ్లు అడిగిన ప్రశ్నను వాళ్ల మాటల్లోనే రాసుకో. "సైజుల గురించి విచారణ" అని రాయొద్దు. "మా హాలు 10 బై 12, ఏది సరిపోతుంది" అని అన్నది అన్నట్టే రాయాలి. మీ మెనూ పేర్లు చివరికి ఆ మాటల్లోంచే వస్తాయి. ఇప్పుడున్న పేర్లన్నీ షాపు తన గురించి తాను చెప్పుకునేవి. కొనడానికి వచ్చినవాళ్లు అడిగేది ఒక్కటీ అందులో లేదు. మెనూ చేసినవాళ్లు మీ ఇంటివైపు నుంచి చూశారు, వీధివైపు నుంచి చూడలేదు.

కరీంనగర్ తమ్ముడు చెప్పిన ఏడు సంగతి. అది జార్జ్ మిల్లర్ 1956లో రాసిన వ్యాసంలోది. చూసి తీసేసినవాటిలో మనిషి ఎన్ని గుర్తుపెట్టుకోగలడన్నది అక్కడి విషయం. మెనూ కళ్ల ముందే ఉంటుంది, దాన్ని గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు. తొమ్మిది పేర్లున్నా ఒకదానికొకటి తేడా స్పష్టంగా ఉంటే నడుస్తుంది. నాలుగే ఉన్నా "ఉత్పత్తులు", "కొత్త డిజైన్లు", "గ్యాలరీ" లాగా మూడు ఒకదాని మీద ఒకటి పడితే చూసేవాడు తికమకపడతాడు. దర్రీ ఫొటో చూడాలంటే ఈ మూడింట్లో దేన్ని నొక్కాలో నాకే తెలియలేదు.

మెగా మెనూ మౌస్‌తో చూసేవాళ్ల కోసం పుట్టింది. మీ సైటుకు వచ్చేవాళ్లలో ఫోన్ వాళ్లే ఎక్కువ ఉంటారని నా అంచనా. ఫోన్‌లో మౌస్ పెట్టడం అనేదే ఉండదు. 34 పేర్లు పొడవాటి జాబితాగా దిగుతాయి, వాటిని వేలితో జరుపుకుంటూ చదవాలి. అది ఒక్క క్లిక్కే అయినా అంత జాబితా చదవడమే పెద్ద శ్రమ.

నర్సంపేట_విత్తనాలు

అన్నా, మాకు విత్తనాల షాపు ఉంది, మాదీ ఇదే బాధ. క్లిక్ చేస్తే పేజీ రావడానికి చాలాసేపు పడుతుంది, ఈలోపు కస్టమర్ మళ్లీ నొక్కుతాడు. హోస్టింగ్ మార్చితే ఒక్క క్లిక్కుకే వస్తుందని మా మెకానిక్ అన్నాడు. మీరూ హోస్టింగ్ మార్చండి.

మగ్గం_ఇంటోడు

అన్నా, మాది వేగం సమస్య కాదు, పేజీలు బాగానే వస్తున్నాయి. ఎక్కడ నొక్కాలో తెలియకపోవడమే ఇబ్బంది. మీ సమస్య గురించి వేరే థ్రెడ్ పెట్టండి, కాజీపేట అన్న తప్పక చెబుతాడు.

అక్కా, నోట్‌బుక్ మొదలుపెట్టాను. ఒక అనుమానం. రెండు క్లిక్కులు అనేది నిజంగా నియమమా? మూడు దాటితే మనుషులు వెళ్లిపోతారని చాలాచోట్ల చదివాను.

హన్మకొండ_అక్క

ఆ మూడు క్లిక్కుల మాటను జాషువా పోర్టర్ అనే ఆయన 2003లో పరీక్షించి చూశారు. మూడో క్లిక్కు తర్వాత జనం వెళ్లిపోతారన్నది ఆ లెక్కల్లో నిలవలేదు. నొక్కిన ప్రతిసారీ "దారి సరిగ్గానే ఉంది" అనిపిస్తే మనుషులు ముందుకే పోతారు. అలా అనిపించకపోతే మొదటి క్లిక్కుకే వెనక్కి తిరుగుతారు.

అయినా నీ సైటుకు రెండు క్లిక్కులు పెట్టుకోమనే చెబుతాను. ఎందుకంటే అంత చిన్న సైటుకు అది సులువుగా సాధ్యం. పై వరుసలో ఐదు పేర్లు, ఒక్కో దాని కింద ఏడెనిమిది పేజీలు అనుకో, 35 నుంచి 40 పేజీల దాకా రెండు క్లిక్కుల్లోనే సరిపోతాయి. 34 పేజీల సైటులో ఐదు మెట్లు ఉన్నాయంటే పేజీలు ఎక్కువయ్యాయని కాదు, మధ్యలో ఉత్త మెట్లు ఉన్నాయని అర్థం. "చేనేత" పేజీలో ఏముంది?

మగ్గం_ఇంటోడు

ఏమీ లేదక్కా. "నేల మీద పరిచేవి", "ఇతరాలు" అని రెండు లింకులు, ఒక ఫొటో. మేము చేసేదంతా చేనేతే.

హన్మకొండ_అక్క

అదే ఉత్త మెట్టు. ఒక పేజీలో లింకులు తప్ప చదవడానికి ఏమీ లేకపోయినా, దాని కింద ఒకటో రెండో దారులు మాత్రమే ఉన్నా, ఆ పేజీ తీసేసి కింద ఉన్నవాటిని పైకి తెచ్చుకోవచ్చు. "చేనేత", "నేల మీద పరిచేవి" రెండూ పోతే ఐదు క్లిక్కులు అప్పుడే మూడు అవుతాయి.

మిగిలిన ఒక్క మెట్టు సైజుల దగ్గర పోతుంది. ఒక్కో సైజుకు ఒక్కో పేజీ ఎందుకు? ఇంటర్‌లాక్ పేజీలోనే చిన్న పట్టిక పెట్టు: 2×3, 3×5, 4×6, 6×9, 9×12, పక్కన ధర, పక్కన "ఉంది" లేదా "నేయించాలి, ఇన్ని రోజులు". మనిషి సైజులను పక్కపక్కన చూసి పోల్చుకుంటాడు. వాటిని వేర్వేరు పేజీల్లో పెడితే వెనక్కీ ముందుకీ తిరుగుతూనే ఉండాలి.

కరీంనగర్_డిజైనర్

ఇక్కడ నేను ఒప్పుకోను అక్కా. సైజుకో పేజీ ఉంటేనే "6×9 దర్రీ" అని గూగుల్‌లో వెతికినవాళ్లకు అది కనిపిస్తుంది. అన్నీ కలిపేస్తే వచ్చేవాళ్లు కూడా పోతారు.

హన్మకొండ_అక్క

ఆ భయం అర్థమవుతుంది తమ్మీ. కానీ అవే ఫొటోలు, అదే వివరం, ఒక్క అంకె మాత్రమే మారిన ఐదు పేజీలు ఉంటే గూగుల్‌కు కూడా ఏది చూపాలో తేలదు. చాలాసార్లు ఒకటి ఉంచి మిగతావి వదిలేస్తుంది. ఐదు సైజులూ ఒక పేజీలో రాసి ఉంటే ఆ పేజీయే "6×9"కూ వస్తుంది.

ఊహలతో పని లేదు. సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో `Performance` తెరిచి `Pages` నొక్కితే ఏ పేజీకి గూగుల్ నుంచి ఎంతమంది వస్తున్నారో కనిపిస్తుంది. ఏదైనా సైజు పేజీకి నిజంగా జనం వస్తుంటే దాన్ని ఉంచుకో, మిగతావి కలిపేయి. సైజుతో పాటు వాడకం కూడా మారితే దానికి వేరే పేజీ న్యాయమే. మసీదు హాలు నిండా వరుసలుగా పరిచే నమాజ్ దర్రీ, ఇంట్లో ఒక్కరు వాడే నమాజ్ దర్రీ ఒకటి కాదు. కొనేవాళ్లు వేరు, అడిగే ప్రశ్నలు వేరు.

జనగామ_మాస్టారు

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. మా ఉన్నత పాఠశాల సైటు నేను చూస్తాను. నోటీసులు "2023", "2024" అని సంవత్సరాల కింద సర్దాను, నెలల వారీగా కూడా విడదీశాను. చాలా క్రమంగా ఉంది. అయినా తల్లిదండ్రులు సెలవుల నోటీసు దొరకలేదంటారు. నేను కూడా రెండు క్లిక్కులు పాటించాలా?

హన్మకొండ_అక్క

మాస్టారూ, మీ సర్దుబాటు దాచిపెట్టుకోవడానికి బాగుంది, వెతకడానికి కాదు. సెలవు నోటీసు వెతికే తల్లికి అది ఏ నెలలో వచ్చిందో తెలియదు. తాజా నోటీసులు నాలుగైదు హోమ్ పేజీలోనే పూర్తి పేరుతో, తేదీతో కనిపించాలి. పాతవన్నీ "పాత నోటీసులు" అని ఒకే పేజీలో, కొత్తది పైన ఉండేలా పొడవుగా ఉన్నా ఫర్వాలేదు. ఫోన్‌లో ఒకే పేజీని జరుపుకుంటూ చూడటం, నెల నెలా తెరిచి మూసుకోవడం కంటే తేలిక.

మగ్గం_ఇంటోడు

నోట్‌బుక్‌లో రాసినవి చూస్తే ఎక్కువగా వచ్చినవి ఇవి. సైజు, ధర అన్నింటికంటే ముందు. తర్వాత "రంగు పోతుందా, ఎలా ఉతకాలి". తర్వాత "ఫంక్షన్ హాలుకు ఒకే రకం వంద కావాలి, తగ్గిస్తారా". "షాపు ఎక్కడ, ఆదివారం ఉంటుందా". "ఇది నిజంగా వరంగల్ దర్రీయేనా, మిషన్‌ది కాదు కదా". మా చరిత్ర గురించి ఒక్కరూ అడగలేదు, నాన్నకు ఇంకా చెప్పలేదు.

అందుకని ఇలా అనుకుంటున్నాను:

```
దర్రీలు
   (8 రకాలు: చారలవి, ఇంటర్‌లాక్, కలంకారీ అచ్చు, నమాజ్ ...)
సైజులు, ధరలు
పెద్ద ఆర్డర్లు
   (ఫంక్షన్ హాళ్లు, మసీదులు, షాపులు)
మా మగ్గాలు
   (ఎలా నేస్తాం, జీఐ గుర్తింపు, ఫొటోలు, మా కుటుంబం)
చిరునామా, ఫోన్
```

హోమ్ కోసం లోగో చాలు. ఉతకడం, కొరియర్ రెండూ పేజీ అడుగున. మొత్తం 34 నుంచి 23కు వచ్చాయి. పీడీఎఫ్ తీసేసి ధరలు పేజీలోనే రాస్తాను.

హన్మకొండ_అక్క

చాలా బాగా వచ్చింది. నాన్నగారికి ఇలా చెప్పు: చరిత్ర ఎక్కడికీ పోలేదు, "నిజంగా వరంగల్ దర్రీయేనా" అని అడిగేవాళ్లకు అదే జవాబు. వరంగల్ దర్రీలకు 2018లో జీఐ గుర్తింపు వచ్చిందన్న సంగతి, గుంట మగ్గం ఫొటో, మీ ఇంటి కథ ఒకదాని పక్కన ఒకటి ఉంటే నమ్మకం కుదురుతుంది. ఒక్కో రకం దర్రీ పేజీలో "ఎలా నేస్తాం" అని ఒక లింకు ఇవ్వు, ఇప్పటికంటే ఎక్కువమందే చదువుతారు.

సైటులో మార్చకముందే దీన్ని కాగితం మీద పరీక్షించాలి. పై ఐదు పేర్లు మాత్రమే ఒక కాగితం మీద రాయి. కింద ఏముందో చూపించొద్దు. సైటు ఎప్పుడూ చూడని అయిదారుగురిని పట్టుకో, బంధువులైనా ఫర్వాలేదు కానీ దర్రీల పనిలో ఉన్నవాళ్లు వద్దు. ఒక్కో ప్రశ్న చెప్పి "మొదట దేన్ని నొక్కుతావు" అని అడుగు, అంతే. ప్రశ్నలో మెనూ మాట రాకూడదు. "ధరలు ఎక్కడ చూస్తావు" అంటే "సైజులు, ధరలు" అనే అంటారు, దానివల్ల నీకేమీ తెలియదు. "హాలు 10 అడుగులకు 12 అడుగులు, డబ్బు ఎంత పట్టుకుని రావాలి" అని అడుగు.

జవాబు తప్పడం ఒక్కటే చూడొద్దు. రెండింటి మధ్య ఆగిపోయారా అనేది కూడా రాసుకో. అలా ఆగిన చోట ఆ రెండు పేర్లు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయని అర్థం.

హైదరాబాద్‌లో_పరకాల

నేను డిజైనర్‌ను కాదు, కొనేదాన్ని. ఇంటికి వచ్చినప్పుడల్లా దర్రీలు తీసుకెళ్తాను, అన్నీ ఫోన్‌లోనే చూస్తాను. మీరందరూ రెండు క్లిక్కులు అంటున్నారు కానీ ఫోన్‌లో ముందు ఆ మూడు గీతల గుర్తు నొక్కాలి కదా. మూడు గీతలు, దర్రీలు, ఇంటర్‌లాక్. మూడు అయ్యాయి. మా అమ్మకైతే ఆ మూడు గీతలు మెనూ అని తెలియనే తెలియదు.

ఇంకొకటి. నేను హోమ్ పేజీ ఎప్పుడూ చూడను. మా చెల్లి వాట్సాప్‌లో ఒక దర్రీ లింకు పంపుతుంది, నేను నేరుగా ఆ పేజీలో దిగుతాను. అక్కడి నుంచి వేరే రకం చూడాలంటే ఎలా?

హన్మకొండ_అక్క

ఈ థ్రెడ్‌లో అన్నింటికంటే ముఖ్యమైన మాట ఇది చెల్లీ. లెక్క హోమ్ నుంచి కాదు, మనిషి దిగిన పేజీ నుంచి వేయాలి.

తమ్మీ, మూడు పనులు చెయ్యి. ఫోన్‌లో పై పట్టీలో చోటు తక్కువే అయినా "దర్రీలు", "ధరలు" అనే రెండు మాటలు, ఒక ఫోన్ గుర్తు పడతాయి. వాటిని బయటే ఉంచు, మిగతా మూడూ గీతల వెనక్కి పోనీ. ఆ గుర్తు పక్కన "మెనూ" అని కూడా రాయి. రెండోది, ప్రతి దర్రీ పేజీ పైన "దర్రీలు › ఇంటర్‌లాక్" అని చిన్న దారి చూపించు, మొదటి మాట నొక్కితే అన్ని రకాలూ రావాలి. మూడోది, ఆ పేజీ అడుగున మిగిలిన రకాలను చిన్న ఫొటోలతో పెట్టు. లింకు ద్వారా వచ్చినవాళ్లకు పక్క రకం ఒక్క క్లిక్కులో దొరుకుతుంది.

మెనూలో "దర్రీలు" కింద ఎనిమిది రకాలూ దిగేలా పెట్టాలనుకుంటే ఫోన్‌లో నొక్కి చూసుకో. కొన్ని థీమ్‌లలో "దర్రీలు" నొక్కగానే పేజీ తెరుచుకుంటుంది, కింది రకాలు కనిపించవు. కొన్నింట్లో రకాలు దిగుతాయి కానీ "దర్రీలు" పేజీకి వెళ్లే దారే ఉండదు. నీ సైటుకైతే దిగే జాబితా వద్దనే అంటాను. "దర్రీలు" నొక్కితే నేరుగా ఎనిమిది ఫొటోలున్న పేజీ రావాలి. దర్రీని పేరు చదివి కాదు, చూసి ఎంచుకుంటారు.

మగ్గం_ఇంటోడు

కాగితం పరీక్ష చేశాను. పెద్ద ఆర్డర్లు, చిరునామా ప్రశ్నలకు ఎవరూ తడబడలేదు. 10 బై 12 హాలు ప్రశ్నకు కొందరు "దర్రీలు" అన్నారు, కొందరు "సైజులు, ధరలు" అన్నారు, మా అత్త రెండింటి మధ్య ఆగిపోయింది. ఉతకడం ప్రశ్నకు మాత్రం దాదాపు అందరూ "దర్రీలు" అన్నారు. నేను దాన్ని పేజీ అడుగున పెట్టాను, అక్కడ చూస్తామని ఒక్కరూ అనలేదు.

సైజు విషయంలో రెండు పేర్లూ ఒకటి చేయాలా?

కరీంనగర్_డిజైనర్

ఒకటి చేసేయి తమ్మీ. తడబాటు ఉందంటే ఒకటి ఎక్కువైనట్టే.

హన్మకొండ_అక్క

మామూలుగా అయితే నేనూ అదే చెప్పేదాన్ని. ఇక్కడ మాత్రం కలపొద్దంటాను. రెండు దారుల్లో దేనివెంట పోయినా జవాబు దొరికితే తడబాటు వల్ల నష్టం లేదు. "దర్రీలు" వైపు వెళ్లినవాళ్లకు రకం పేజీలోనే పట్టిక ఉంటుంది, "సైజులు, ధరలు" వైపు వెళ్లినవాళ్లకు అన్ని రకాల పట్టిక ఉంటుంది. ధర మారినప్పుడు రెండు చోట్లా మార్చడం మాత్రం మరిచిపోకూడదు, లేకపోతే గొడవలొస్తాయి. పట్టికను ఒకచోట రాసి రెండు చోట్లా చూపించే ఏర్పాటు చేసుకుంటే మంచిది. వర్డ్‌ప్రెస్‌లో `Synced pattern` పెట్టుకోవచ్చు.

ఉతకడం గురించి వాళ్లే చెప్పేశారు. ప్రతి దర్రీ పేజీలో ధరల పట్టిక కిందే "ఎలా ఉతకాలి" లింకు ఉండాలి. అడుగున ఉన్నది కూడా ఉండనీ.

కాజీపేట_సర్వర్

మార్చే ముందు ఒక మాట. పాత పేజీల లింకులు జనం వాట్సాప్‌లలో, గూగుల్‌లో ఉంటాయి. మెనూలో పేజీని అటూ ఇటూ జరిపితే అడ్రసు మారదు, టెన్షన్ లేదు. కానీ పేజీ ఎడిట్‌లో `Parent` మార్చితే అడ్రసే మారిపోతుంది. పోస్టుల పేరు మారితే వర్డ్‌ప్రెస్ పాత అడ్రసు గుర్తుపెట్టుకుంటుంది, పేజీలకు ఆ ఏర్పాటు లేదు. పాతదాన్ని కొత్తదానికి మనమే మళ్లించాలి. హోస్టింగ్ అపాచీ సర్వర్ మీద ఉంటే సైటు ఫోల్డర్‌లో ఉండే `.htaccess` ఫైల్‌లో రాయాలి. చాలామంది ఇలా రాస్తారు:

```
Redirect 301 /products/handloom/floor/interlock/ /durries/interlock/
```

మీ సైటులో దీనితో చిక్కు వస్తుంది. `Redirect` పాత అడ్రసులో మిగిలిన తోకను కూడా కొత్తదానికి తగిలిస్తుంది. పాత 6×9 పేజీ లింకు నొక్కితే `/durries/interlock/6x9/`కి పోతుంది, అలాంటి పేజీ మీకు ఇక లేదు. సైజు పేజీలన్నీ ఒకే పేజీలో కలుస్తున్నాయి కాబట్టి ఇలా రాయండి:

```
RedirectMatch 301 ^/products/handloom/floor/interlock(/.*)?$ /durries/interlock/
```

ఎనిమిది రకాలకూ ఇలాంటి వరుస ఒక్కోటి రాయాలి. పాత లింకులన్నింటినీ హోమ్ పేజీకి మళ్లించొద్దు, ఇంటర్‌లాక్ కోసం వచ్చినవాడు హోమ్‌లో దిగి మళ్లీ మొదటి నుంచి వెతకాలి.

హైదరాబాద్‌లో_పరకాల

మెనూ తెలుగులోనే ఉంటుందా? మా పక్కింటివాళ్లు తమిళులు, నా దగ్గర చూసి వరంగల్ దర్రీలు కావాలన్నారు. వాళ్లకు లింకు పంపితే "మా మగ్గాలు" అర్థం కాదు.

మగ్గం_ఇంటోడు

బాబాయి అదే అంటున్నాడు. ఒకే వరుసలో తెలుగు, ఇంగ్లీషు రెండూ రాస్తే ఫోన్‌లో పట్టదు. ఇంగ్లీషుకు వేరే సైటులాగా చేస్తే 23 పేజీలు 46 అవుతాయి, ధరలు మార్చడం నా ఒక్కడి వల్ల కాదు.

హన్మకొండ_అక్క

ఇందులో నాకూ స్థిరమైన జవాబు లేదు. దర్రీలు, ధరలు, పెద్ద ఆర్డర్లు, చిరునామా అన్న నాలుగు పేజీలు మాత్రమే ఇంగ్లీషులో చేసి, పైన భాష మార్చే లింకు పెట్టొచ్చు. అయితే ఇంగ్లీషు పేజీ నుంచి ఇంటర్‌లాక్ నొక్కితే తెలుగు పేజీ రాకూడదు. అలా వస్తే మనిషి అక్కడే ఆగిపోతాడు. అందుకే ఇంగ్లీషు "దర్రీలు" పేజీలోనే ఎనిమిది రకాల ఫొటోలు, సైజులు, ధరలు అన్నీ పెట్టి, అక్కడి నుంచి ఇంకా లోపలికి దారి లేకుండా ఆపేయొచ్చు.

కరీంనగర్_డిజైనర్

నేనైతే మొత్తం ఇంగ్లీషులో పెట్టమంటాను. తెలుగువాళ్లు ఎలాగూ చదువుతారు.

హైదరాబాద్‌లో_పరకాల

మా అమ్మ చదవదు అన్నా. కొనేది ఆమే.

మగ్గం_ఇంటోడు

ప్రస్తుతానికి తెలుగు మెనూ పెట్టి, అక్క చెప్పినట్టు ఇంగ్లీషు పేజీలు నాలుగు తర్వాత చేస్తాను. ఇంకో చిక్కు వచ్చింది. మా దగ్గర టోకుగా కొనే షాపులవాళ్లు ధరలు బయట పెట్టొద్దంటున్నారు. వాళ్లు అమ్మే ధర, మా సైటు ధర కస్టమర్ పోల్చి చూస్తాడని. ధరలు లేకుండా "సైజులు" అని మాత్రమే పెడితే మళ్లీ అవే ఫోన్లు మొదలవుతాయి. ఇలాంటిది ఎవరైనా ఎదుర్కొన్నారా?

నర్సంపేట_విత్తనాలు

మాకు ఉంది. మేము "ఇంత నుంచి మొదలు" అని రాస్తాం. డీలర్లు ఊరుకున్నారు, ఫోన్లు కొంచెం తగ్గాయి, పూర్తిగా తగ్గలేదు.

హన్మకొండ_అక్క

షాపులవాళ్లు అమ్మే ధరనే సైటులో చిల్లర ధరగా పెట్టొచ్చేమో నాన్నగారిని అడుగు. టోకు ధర "పెద్ద ఆర్డర్లు" కింద "షాపులు" పేజీలో "ఫోన్ చేయండి" అని ఉంచు. వాళ్లు దానికి ఒప్పుకోకపోతే "నుంచి మొదలు" అన్న పద్ధతే దారి. అప్పుడు మెనూలో పేరు "సైజులు, ధరలు" అని కాకుండా "సైజులు" అని మార్చు. లోపల ధర లేకుండా పేరులో ధర ఉంటే నొక్కినవాడికి కోపం వస్తుంది.

మగ్గం_ఇంటోడు

ఆదివారం షాపులవాళ్లతో కూర్చుంటున్నాం అక్కా. వాళ్లు ఏమన్నారో ఇక్కడే రాస్తాను. కాజీపేట అన్నా, ఎనిమిది వరుసలూ రాసి పెడతాను, ఒకసారి చూడగలవా?

కాజీపేట_సర్వర్

పెట్టు తమ్మీ. పాత `.htaccess` కాపీ ఒకటి పక్కన దాచుకున్నాకే మార్చు. మార్చాక పాత వాట్సాప్ మెసేజ్‌లలో ఉన్న లింకులు నాలుగు నొక్కి, ఎక్కడ దిగుతున్నాయో కూడా రాయి.